‘రేటు పంపండి’ అని రాస్తే రేటే వస్తుంది

చిన్న ఆఫీసుల నుంచి కంప్యూటర్ సర్వీసు వాళ్లకు వెళ్లే ఉత్తరాలు చాలావరకు రెండు ముక్కల్లో అయిపోతాయి. ‘మా దగ్గర ఆరు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు ఉన్నాయి. ఏఎంసీకి మీ రేటు పంపగలరు.’ జవాబూ అంతే పొడవుంటుంది. కంప్యూటరుకు ఇంత, ప్రింటరుకు ఇంత, జీఎస్టీ అదనం, మొత్తం ముందుగా కట్టాలి. ఇద్దరు ముగ్గురి దగ్గర ఇలాంటి కాగితాలు తెప్పించుకుని, తక్కువ వేసినవారికి చెక్కు రాసేస్తారు. ఆ తర్వాత ఏడాదంతా జరిగే తగాదాలు, ఆ రెండు ముక్కల్లో రాయకుండా వదిలేసిన వాటి గురించే. కాలిపోయిన పార్టు ఖర్చు ఎవరిది? ఇంజినీరు వచ్చి చూసి వెళ్లిపోతే కంప్లయింటు తీరినట్టేనా? పాత హార్డ్ డిస్కు ఎవరు తీసుకెళ్లాలి?

కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడు ఇవన్నీ అడగొచ్చులే అనుకుంటారు. అప్పటికి వెండరు తన అచ్చు ఫారం తెచ్చి ముందు పెడతాడు. అందులోని షరతులు ఆయన రాసుకున్నవి. మన షరతులు చెప్పుకునే అవకాశం మొదటి ఉత్తరంలోనే ఉంటుంది. అందుకే ఆ ఉత్తరాన్ని వివరంగా చూద్దాం. ఉదాహరణకు గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ దుకాణాన్ని ఊహించుకుందాం. ఆఫీసులో ఆరు కంప్యూటర్లు. రెండు కిందటేడు కొన్నవి, మూడేళ్ల వారంటీ ఉంది. లెక్కలన్నీ ఉండే మెయిన్ కంప్యూటరు కొని నాలుగేళ్లయింది, వారంటీ అయిపోయింది. మిగతా మూడూ అసెంబుల్ చేయించినవి, ఎనిమిదేళ్ల పాతవి. రైతులకు ఇచ్చే తక్‌పట్టీలు కార్బన్ కాపీలతో కొట్టడానికి ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, మిగతా పనులకు ఒక లేజర్ ప్రింటరు.

ఈ దుకాణానికి అన్ని రోజులూ ఒకటి కాదు. సంక్రాంతి దాటాక సరుకు పెరుగుతుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో టిక్కీలు వస్తూనే ఉంటాయి. ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు. సెలవుల్లో కంప్యూటరు వారం రోజులు మూలన పడ్డా ఎవరూ అడగరు. మార్చిలో ఒక్క పూట ఆగిందంటే, సరుకు అమ్ముకున్న రైతు పట్టీ కోసం గుమ్మంలో నిలబడతాడు. ఇది తెలిసిన యజమాని రాసే ఉత్తరం ఇలా ఉంటుంది.

గుంటూరు,
నవంబరు 10.

సర్వీస్ మేనేజరు గారికి,

విషయం: మా కార్యాలయ కంప్యూటర్లకు ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు కోసం కొటేషన్ కోరుతూ.

అయ్యా,

నమస్కారం. మేము మిర్చి యార్డు దగ్గర కమీషన్ వ్యాపారం చేస్తున్నాం. మా ఆఫీసులోని ఆరు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లకు డిసెంబరు 1 నుంచి ఏడాది పాటు మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఇవ్వదలిచాం. యంత్రాల జాబితా, వాటి వయసు, సీరియల్ నంబర్లు, ఇప్పుడున్న లోపాలు దీనికి జతచేశాం. దయచేసి మీ ఇంజినీరును ఒకసారి పంపి, ప్రతి యంత్రాన్నీ మా ఎదుట పరీక్షించి, బాగు చేయాల్సినవి ఉంటే వాటి ఖర్చు విడిగా తెలపండి.

రేట్లు యంత్రం వారీగా రెండు రకాలుగా ఇవ్వండి. ఒకటి పార్టులతో కలిపి, రెండోది పని వరకే. పార్టులతో కలిపి అన్నప్పుడు, అందులోకి రాని పార్టుల పేర్లన్నీ రాయండి. ‘మొదలైనవి’ అనే మాట వద్దని మనవి.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు మాకు సీజను. ఆ నాలుగు నెలల్లో ఉదయం 11 గంటలలోపు కంప్లయింటు ఇస్తే అదే రోజు మధ్యాహ్నానికి ఇంజినీరు రావాలి. సాయంత్రానికి యంత్రం బాగు కాకపోతే, అది తిరిగి వచ్చేవరకు మా పని నడిచే కంప్యూటరు ఒకటి పెట్టాలి. మిగతా నెలల్లో మరుసటి పనిదినానికి వస్తే చాలు.

ఏడాదికి నాలుగుసార్లు యంత్రాలు విప్పి శుభ్రం చేయాలి. అందులో ఒకటి డిసెంబరులో, ఒకటి యార్డు వేసవి సెలవుల్లో ఉండాలి. ప్రతిసారీ మా లెక్కల బ్యాకప్‌ను వేరే కంప్యూటరులో తెరిచి చూపించాలి. మార్చిన హార్డ్ డిస్కులు, ఎస్‌ఎస్‌డీలు మా దగ్గరే ఉంటాయి. లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ ఏదీ మా యంత్రాల్లో వేయకూడదు.

చెల్లింపు నాలుగు విడతలు. ప్రతి శుభ్రత విజిట్ అయ్యి, రిపోర్టు మీద మా సంతకం పడిన వారంలోపు ఒక విడత చెల్లిస్తాం. మధ్యలో యంత్రం తీసేసినా, కొత్తది చేర్చినా మిగిలిన నెలల లెక్కన రేటు సర్దుబాటు చేయాలి. మీ రేట్లలో జీఎస్టీ కలిసి ఉందో లేదో స్పష్టంగా తెలపండి.

నవంబరు 20లోపు కొటేషన్ పంపగలరని ఆశిస్తున్నాం. వీటిలో మీకు వీలు కానివి ఏవైనా ఉంటే అవి కూడా రాతపూర్వకంగా చెప్పండి. కూర్చుని మాట్లాడుకుందాం.

ఇట్లు,
యజమాని.

ఉత్తరం ఒక పేజీ దాటలేదు. కానీ వెండరు ఒక్క రేటు రాసి ఊరుకునే వీలు దీంట్లో లేదు. ప్రతి పేరాకూ ఆయన ఔనో కాదో చెప్పాలి. అన్నిటికన్నా ఎక్కువ పని చేయించేది ‘జతచేశాం’ అన్న ఆ జాబితా. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ప్రతి కంప్యూటరుకూ సీరియల్ నంబరు ఎందుకంటే, ‘ఆరు కంప్యూటర్లు’ అని మాత్రమే రాస్తే ఏ ఆరో ఎక్కడా ఉండదు. మధ్యలో ఒకటి మార్చినప్పుడు ‘ఇది కాంట్రాక్టులో లేదండీ’ అనే మాట అక్కడే వస్తుంది. కంపెనీ కంప్యూటర్లకు వెనకో పక్కనో స్టిక్కరు మీద నంబరుంటుంది. అది చెరిగిపోతే విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ ఒక్క లైను కొట్టాలి:

```
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
```

కంపెనీ యంత్రమైతే నంబరు కనిపిస్తుంది. అసెంబుల్ చేసిన దాంట్లో చాలాసార్లు నంబరు ఉండాల్సిన చోట `Default string` అనో `To be filled by O.E.M.` అనో వస్తుంది. మదర్‌బోర్డు తయారుచేసినవాళ్లు ఖాళీగా వదిలిన గడి అది. అలాంటప్పుడు మనమే 01, 02, 03 అని నంబర్లు వేసి చెరిగిపోని స్టిక్కర్లు అంటించాలి. కేబినెట్ మూత మీద అంటిస్తే, మూతలు తారుమారైనప్పుడు నంబర్లూ మారిపోతాయి. లోపలి చట్రం మీద కూడా ఒకటి అంటించడం మంచిది. ర్యామ్ ఎంత, డిస్కు ఏది, ఎంత సైజు అనేవి కూడా జాబితాలో ఉండాలి. రిపేరుకు వెళ్లిన యంత్రం 8 జీబీ ర్యామ్‌తో వెళ్లి 4 జీబీతో తిరిగొస్తే గుర్తుపట్టేది ఆ కాగితంతోనే.

వారంటీ ఉన్న రెండింటి సీరియల్ నంబర్లు తయారీ కంపెనీ వెబ్‌సైటులో కొడితే వారంటీ ఏ తేదీ వరకో, ఇంటికి వచ్చి చేసేదో మనం మోసుకెళ్లాల్సినదో తెలుస్తుంది. కంపెనీ ఎలాగూ ఉచితంగా మార్చే పార్టులకు ఇంకొకరికి మళ్లీ డబ్బు కట్టడం దండగ. ఈ రెండింటికీ పని వరకే రేటు అడగాలి. పాత మూడింటి సంగతి వేరు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే కుదురుతుంది. ఎనిమిదేళ్ల నాటి అసెంబుల్డ్ యంత్రాల్లో చాలావాటికి ఈ అర్హత ఉండదు. అంటే ఏడాది తిరిగేలోపే వాటిని మార్చాల్సి రావచ్చు. మధ్యలో తీసేస్తే రేటు సర్దుబాటు చేయాలని యజమాని రాసింది అందుకే.

ఇక ఇంజినీరును ముందే పంపమని అడగడం. దాదాపు ప్రతి వెండరు ఫారంలోనూ ‘కాంట్రాక్టుకు ముందున్న లోపాలు మా బాధ్యత కాదు’ అనే వాక్యం ఉంటుంది. అది న్యాయమైనదే. కాంట్రాక్టు మొదలైన పది రోజులకే డిస్కు పోతే, అది ముందునుంచీ పాడైందా, ఇప్పుడు పాడైందా అని తేల్చేదెవరు? అందుకే ముందే ఇద్దరూ కలిసి చూసుకోవాలి. డిస్కు ఆరోగ్యం చూడటానికి ఇంజినీర్లు CrystalDiskInfo లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతారు. అందులో `Good` అని నీలం రంగులో ఉంటే సరే. `Caution` అని పసుపు రంగులో ఉంటే ఆ డిస్కు ఈ రోజు పనిచేస్తున్నా నమ్మకూడదు. ఆ తెరను ఫొటో తీసి యంత్రం నంబరుతో రిపోర్టుకు జతచేస్తే వాదనకు తావుండదు.

ఆ రోజే ఎర్తింగ్ కూడా చూపించుకోవాలి. కంప్యూటర్లు పెట్టే ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటరు పెడితే రెండు మూడు వోల్టులకు మించకూడదని సర్వీసు వాళ్లు అడుగుతారు. పాత భవనాల్లో ఇది ఎక్కువే చూపిస్తుంటుంది. ఎర్తింగ్ సరిగా లేక కాలిన పార్టులు పూర్తి కాంట్రాక్టులో కూడా రావు. ఎస్‌ఎంపీఎస్ కాలినప్పుడు ఆ మాట వినేకన్నా, నవంబరులోనే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పిట్ బాగు చేయించుకోవడం మేలు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఏఎంసీలు స్థూలంగా రెండు రకాలు. కాంప్రహెన్సివ్ అంటే పని, పార్టులు రెండూ వెండరువే. నాన్ కాంప్రహెన్సివ్ అంటే పని మాత్రమే ఆయనది, పార్టు కొనేది మనం. మొదటిది వింటే ఇక ఏడాదంతా నిశ్చింత అనిపిస్తుంది. కానీ ఆ కాగితం కింద చిన్న అక్షరాల్లో ఏముందో చూడాలి. కీబోర్డు, మౌస్, అడాప్టర్లు, యూపీఎస్ బ్యాటరీ, ప్రింటర్ హెడ్, టోనర్, డ్రమ్, రిబ్బను, ప్లాస్టిక్ భాగాలు, కాలిన పార్టులు, పిడుగు వల్లా నీళ్లు పడటం వల్లా పోయినవి ఇవేవీ రావని ఉంటుంది. చివర ‘మొదలైనవి’ అని ముగుస్తుంది. ఉత్తరంలో ఆ మాట వద్దని మర్యాదగానే రాసింది, మిగతావన్నీ దాని కిందకే వస్తాయి కాబట్టి.

లెక్క వేసి చూద్దాం. కింది అంకెలు మార్కెట్ రేట్లు కావు, లెక్క ఎలా కట్టుకోవాలో చూపడానికి అనుకున్నవి. వెండరు కంప్యూటరుకు పార్టులతో కలిపి 2,400 రూపాయలు, పని వరకే అయితే 1,000 రూపాయలు అన్నాడనుకుందాం. వారంటీలో ఉన్నవాటికి పని వరకే 600. ప్రింటరుకు పార్టులతో 2,000, పని వరకే 1,200. అన్నీ పార్టులతో కలిపి ఇచ్చేస్తే ఆరు కంప్యూటర్లకు 14,400, ప్రింటర్లకు 4,000, మొత్తం 18,400. జీఎస్టీ 18 శాతం కలిపితే 21,712 రూపాయలు.

ఇప్పుడు యంత్రం వారీగా చూద్దాం. మెయిన్ కంప్యూటరు ఆగకూడదు, పార్టులు కూడా ఇంకా దొరుకుతున్నాయి, దానికి పార్టులతో 2,400. పాత మూడింటికి పని వరకే 3,000. వారంటీ ఉన్న రెండింటికి 1,200. ప్రింటర్లకు పని వరకే 2,400. మొత్తం 9,000. జీఎస్టీతో 10,620. తేడా 11,092 రూపాయలు.

పాత యంత్రాలకు పార్టులతో కాంట్రాక్టు ఎందుకు దండగ? ఎనిమిదేళ్ల మదర్‌బోర్డు పోతే అదే మోడల్ కొత్తది దొరకదు. వెండరు ఎక్కడో వాడేసిన బోర్డు తెచ్చి వేస్తాడు, లేదా ‘ఇది ఇక బాగుపడదు’ అని చేతులెత్తేస్తాడు. వాటిలో ఎక్కువగా పోయేది ఎస్‌ఎంపీఎస్, లేదా డిస్కు. మనకు మిగిలిన ఆ పదకొండు వేలల్లోంచి ఒక మంచి ఎస్‌ఎంపీఎస్, ఒక ఎస్‌ఎస్‌డీ, రెండు కీబోర్డులు, రెండు మౌసులు కొని బీరువాలో పెట్టుకుంటే సీజనులో పార్టు కోసం ఎదురుచూసే పని ఉండదు. ఇంజినీరు వచ్చి బిగించి వెళ్తాడు. అయితే రేట్ల మధ్య తేడా మరీ తక్కువగా ఉంటే ఈ లెక్క తారుమారవుతుంది. అందుకే రెండు రేట్లూ యంత్రం వారీగా అడగాలి. మొత్తం మీద ఒకే అంకె వస్తే ఈ లెక్క కట్టడానికే వీలుండదు.

డాట్ మ్యాట్రిక్స్ గురించి ఒక మాట. దాంట్లో ఖరీదైన భాగం హెడ్. రిబ్బను పీచులు లేచినా వాడుతూ పోతే, ఆ పీచుల్లో హెడ్ పిన్నులు చిక్కుకుని విరుగుతాయి. పిన్ను విరిగిందనడానికి గుర్తు, ప్రతి లైనులోనూ అక్షరాల మధ్యగా ఒకే ఎత్తులో సన్నటి తెల్లగీత రావడం. తక్‌పట్టీ మీద అంకె 8కీ 0కీ తేడా తెలియకుండా పోతే రైతుతో గొడవే. హెడ్ ఏ రకం కాంట్రాక్టులోనూ సాధారణంగా రాదు కాబట్టి, దాని ధర ఎంతో ముందే అడిగి రాయించుకోవాలి. రిబ్బన్లు మాత్రం సమయానికి మార్చడం మన పని.

అన్నిటికన్నా ఎక్కువ మాటామాటా వచ్చేది సమయం దగ్గర. వెండర్ల కాగితాల్లో ‘నాలుగు గంటల్లో రెస్పాన్స్’ అని ఉంటుంది. దాన్ని చాలామంది నాలుగు గంటల్లో కంప్యూటరు బాగవుతుందని చదువుకుంటారు. మార్చి నెలలో ఒక సోమవారం ఉదయం పది గంటలకు మెయిన్ కంప్యూటరు తెర మీద ఏమీ రాలేదనుకుందాం. ఫోన్ చేశారు. ఒంటిగంటకు ఇంజినీరు వచ్చాడు. చూసి, ‘డిస్కు పోయిందండీ, ఆర్డరు పెట్టాలి’ అన్నాడు. గురువారం డిస్కు వచ్చింది. విండోస్ వేసి, ప్రోగ్రాములు వేసి, శుక్రవారం ఇచ్చాడు. నాలుగు రోజులు దుకాణం కాగితాల మీద నడిచింది. అయినా వెండరు మాట తప్పలేదు. మూడు గంటల్లో రెస్పాన్స్ ఇచ్చాడు మరి.

కొందరు దీనికి విరుగుడుగా ‘ఇన్ని గంటల్లో బాగు చేయకపోతే రోజుకు ఇంత జరిమానా’ అని రాస్తారు. పెద్ద కంపెనీలకు, ప్రభుత్వ కార్యాలయాలకు అది నడుస్తుంది. ఏడాదికి పదివేల కాంట్రాక్టుకు ఏ వెండరూ జరిమానా ఒప్పుకోడు, ఒప్పుకున్నా వసూలు చేసుకోవడం మన వల్ల కాదు. స్టాండ్‌బై కంప్యూటరు అడగడం అంతకన్నా పనికొచ్చే షరతు. వెండరు షాపులో ఒకటి రెండు పాత యంత్రాలు ఎప్పుడూ ఉంటాయి. సాయంత్రానికి ఒకటి తెచ్చి పెట్టి, బ్యాకప్ అందులో వేస్తే మర్నాడు ఉదయానికి పట్టీలు కొట్టుకోవచ్చు. ఆపైన అసలు యంత్రం శుక్రవారం వచ్చినా కొంపలేం మునగవు. వెండరుకూ ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది.

గంటలు ఎప్పటి నుంచి లెక్కించాలన్నది కూడా తేల్చుకోవాలి. తెలిసిన ఇంజినీరు సెల్‌కు ఫోన్ చేస్తే అది కంప్లయింటు కిందకు రాదు. ఆయన ఆ రోజు నరసరావుపేటలో ఉండొచ్చు, సెలవులో ఉండొచ్చు. సంస్థకు చెందిన ఒకే నంబరుకు వాట్సాప్‌లో యంత్రం నంబరు, సమస్య రాసి పంపాలి. ఆ మెసేజి సమయమే లెక్క. ఇది మన ఆఫీసులో అందరికీ చెప్పి ఉంచాలి.

చెల్లింపు విడతల గురించి పొడిగించను. మొత్తం ముందే కట్టేస్తే మూడో నెల తర్వాత శుభ్రత విజిట్లు తగ్గిపోతాయి. విజిట్ అయ్యాకే విడత అంటే గుర్తుపెట్టుకుని వస్తారు. చిన్న మొత్తానికి నాలుగు బిల్లులు కొట్టడం కష్టమని వెండరు అంటే సగం ముందు, సగం ఆర్నెల్ల తర్వాత అనేదానికి దిగొచ్చు.

శుభ్రత విజిట్ అంటే ఏం చేయాలో చాలామందికి తెలియదు. ఇంజినీరు వచ్చి, తెర తుడిచి, కొన్ని టెంపరరీ ఫైళ్లు చెరిపి, రిపోర్టు మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. యార్డు చుట్టుపక్కల ఆఫీసుల్లో గాల్లో మిర్చి ఘాటే కాదు, దాని సన్నటి దుమ్మూ ఉంటుంది. అది ఫ్యాను లాగే గాలితో లోపలికి వెళ్లి, ప్రాసెసరు మీదుండే హీట్‌సింక్ రేకుల మధ్య చేరి, కొన్ని నెలల్లో మెత్తటి పొరలా పేరుకుంటుంది. గాలి ఆడక ప్రాసెసరు వేడెక్కుతుంది. ఉదయం బాగానే నడిచిన కంప్యూటరు మధ్యాహ్నం నెమ్మదించడం, ఫ్యాను పెద్దగా మోగడం, ఉన్నట్టుండి ఆగిపోవడం దీని లక్షణాలు. వైరస్ అనుకుని ఫార్మాట్ చేయిస్తారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఆగుతుంది.

సరైన శుభ్రత ఆఫీసు బయట జరగాలి. లోపల బ్లోయరు కొడితే ఆ దుమ్ము పక్క కంప్యూటర్లలోకి వెళ్తుంది, మనుషుల కళ్లల్లోకీ ముక్కుల్లోకీ వెళ్తుంది. వైర్లన్నీ తీసి, కేబినెట్ విప్పి, మాస్కు కట్టుకుని కొట్టాలి. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే గాలి వేగానికి అది విపరీతంగా తిరిగి బేరింగు దెబ్బతింటుంది. పైపైన కొడితే ఫ్యాను రెక్కలు తళతళలాడతాయి గానీ, దాని కిందున్న దుమ్ము పొర అలాగే ఉంటుంది. ఫ్యాను విప్పించి, టార్చి వేసి హీట్‌సింక్ రేకుల మధ్య వెలుగు కనబడుతోందో లేదో చూస్తే పని జరిగిందో లేదో తెలుస్తుంది. పాత యంత్రాల్లో ప్రాసెసరుకూ హీట్‌సింక్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. అదీ అప్పుడే మార్పించాలి. డిసెంబరులో చేయిస్తే సీజను ఇబ్బంది లేకుండా గడుస్తుంది. సీజను దుమ్మంతా సెలవుల్లో వదిలించుకోవచ్చు. తక్కిన రెండూ ఎప్పుడైనా ఫర్వాలేదు.

చివరిగా లెక్కల సంగతి. ఏ వెండరూ డేటాకు బాధ్యత తీసుకోడు. ఏ ఫారం తిరగేసినా ఆ మాట ఉంటుంది, దాన్ని మార్చమని అడిగినా లాభం లేదు. డిస్కు మారుస్తాడు, అందులో ఉన్న నాలుగేళ్ల పద్దులు తేలేడు. కాబట్టి అడగాల్సింది బ్యాకప్ పరీక్ష. టాలీప్రైమ్ లెక్కలు మామూలుగా `C:\Users\Public\TallyPrime\data` అనే ఫోల్డరులో ఉంటాయి. వేరేచోట పెట్టుకుని ఉంటే ఆ దారి రాసి ఉంచుకోవాలి. రోజూ సాయంత్రం పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తున్నామని చెప్పే ఆఫీసుల్లో, అవసరం పడ్డ రోజున ఆ కాపీ ఆర్నెల్ల పాతదని తేలడం కొత్తేమీ కాదు. బ్యాకప్ తీసే షార్ట్‌కట్ పాత ఫోల్డరునే కాపీ చేస్తూ ఉంటుంది. అందుకే మూడు నెలలకోసారి బ్యాకప్‌ను వేరే కంప్యూటరులోకి రిస్టోర్ చేయించి, నిన్నటి తేదీ పట్టీ ఒకటి తెరిచి చూడాలి. కనిపిస్తే బ్యాకప్ ఉన్నట్టు. పెన్‌డ్రైవు ఎప్పుడూ కంప్యూటరుకే గుచ్చి ఉంచకూడదు. ఫైళ్లకు తాళం వేసే వైరస్ వస్తే అది పెన్‌డ్రైవులోని కాపీకీ తాళం వేస్తుంది. టాలీ లైసెన్సు, దాని ఏటా రెన్యువల్ ఈ కాంట్రాక్టులోకి రావు. అవి టాలీ డీలరుతో విడిగా చూసుకోవాలి.

పాత డిస్కు మన దగ్గరే ఉండాలని ఎందుకు రాయాలంటే, పార్టులతో కలిపి కాంట్రాక్టులో పాడైన పార్టు వెండరుకు తిరిగివ్వడం రివాజు. మదర్‌బోర్డుకో ఎస్‌ఎంపీఎస్‌కో అయితే అభ్యంతరం లేదు. డిస్కులో రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు, మన కొనుగోళ్ల ధరలు ఉంటాయి. కంప్యూటరు గుర్తించని డిస్కులోంచి కూడా డేటా తీయగలవాళ్లున్నారు. ఇలా ఉంచుకుంటామంటే కొందరు వెండర్లు రేటు కొంచెం పెంచుతారు. అది కట్టడం మంచిది. దూరం నుంచి చూసి బాగుచేయడానికి ఇంజినీరు వేసిన రిమోట్ సాఫ్ట్‌వేర్ కూడా, పని అవగానే మూయించాలి. అడగకుండా ఎప్పుడంటే అప్పుడు లోపలికి వచ్చే పాస్‌వర్డు అందులో పెట్టి ఉంటే తీసేయించాలి.

కొటేషన్ వచ్చాక దాన్ని ఉత్తరం పక్కన పెట్టుకుని పేరా పేరా సరిచూడాలి. ఉత్తరంలో అడిగి, కొటేషన్‌లో జవాబు రానిది ఒప్పుకున్నట్టు కాదు. ఫోన్ చేసి అడిగితే ‘అది మామూలే కదండీ, చేస్తాం’ అంటారు. ఆ మాటనే ఒక వాక్యంగా వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపమనాలి. తర్వాత ఇచ్చే వర్క్ ఆర్డరులో ‘మా నవంబరు 10 నాటి ఉత్తరంలోని షరతులు, మీ కొటేషన్‌లోని రేట్ల ప్రకారం’ అని రాసి, ఉత్తరం, జాబితా, తనిఖీ రిపోర్టు మూడూ జతచేయాలి. ఉత్తరం ఒక్కటే అయితే అది విచారణ మాత్రమే. వెండరు సంతకం పెట్టిన వర్క్ ఆర్డరుకు జతపడితే ఒప్పందంలో భాగమవుతుంది.

ఆ తర్వాత ఆఫీసులో ఒక నోటు పుస్తకం చాలు. తేదీ, యంత్రం నంబరు, మెసేజి పెట్టిన సమయం, ఇంజినీరు వచ్చిన సమయం, ఏం పార్టు వేశాడు, యంత్రం ఎప్పుడు నడిచింది. వచ్చే నవంబరులో మళ్లీ ఉత్తరం రాసేముందు ఆ పుస్తకం తిరగేస్తే, ఒకే యంత్రం మూడు నాలుగుసార్లు కనిపిస్తుంది. దాన్ని కొత్త జాబితాలో చేర్చనక్కర్లేదు. డిస్కు విప్పి బీరువాలో పెట్టుకుని, మిగతాది ఈ-వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకు ఇచ్చేయొచ్చు. వెండరు రేటు పెంచి అడిగితే, ఏడాదిలో ఎన్నిసార్లు పిలిస్తే ఎన్ని గంటల్లో వచ్చాడో ఆయనకే చూపించి బేరమాడొచ్చు.